రసీదు వచ్చాకే నొక్కాలి

మార్చి తొమ్మిదో తారీఖు. ఆ పొద్దున తిన్నది రొట్టె ముక్కలు, ఉడకబెట్టిన గుడ్లు. రొట్టె ఒక పక్క మాడింది. మాడిన ముక్క అత్తగారు తన పళ్లెంలో వేసుకుంటే, ఆవిడ చూడనప్పుడు బాబిన్ గారు దాన్ని తన పళ్లెంలోకి మార్చుకున్నాడు. రెండో గుడ్డు పెంకు తీస్తుండగానే పక్క గదిలో కంప్యూటరు టింగుమంది.

కుట్టుమిషన్ల విడిభాగాలు ఆన్‌లైన్ మార్కెట్లో అమ్ముతాడు కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని బాబిన్ గారూ అంటారు. సూదులు, బెల్టులు, గుడ్డని నొక్కిపట్టే పాదాలు, దారం చుట్టే బాబిన్లు, బాబిన్ కేసులు. పాత మిషన్లున్న వాళ్లు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చి కొంటారు. ఆ పేరు మొదట సరదాగా పెట్టింది ఆయన భార్య. ఆవిడ పోయి మూడేళ్లయింది, పేరు మాత్రం ఇంటా బయటా నిలిచిపోయింది.

ఇంటి ముందు గదే కొట్టు. గోడ పొడుగునా చిన్న చిన్న అట్టపెట్టెలు, మధ్యలో పొడుగు బల్ల, బల్ల చివర పార్సిళ్లు తూచే కాటా. ఆ బల్ల ముందు కుర్చీ అత్తగారిది. కూతురు పోయాక నెల రోజులుందామని వచ్చి, పార్సిళ్లు కట్టడం మొదలుపెట్టి, అలా ఉండిపోయింది. కొడుకు ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, "అమ్మా, ఇక్కడికొచ్చెయ్, గది ఖాళీగానే ఉంది" అంటాడు. ఆవిడ ప్రతిసారీ "ఇక్కడ పనుంది రా" అంటుంది. ఆ జవాబుకి తిరుగు లేదు. పని ఉన్నంతవరకూ.

గుడ్డు సగం తిని చెయ్యి తుడుచుకుని కంప్యూటరు దగ్గరికెళ్లాడు బాబిన్ గారు. వచ్చింది ఆర్డరు కాదు. మార్కెట్ వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం. పొడి పొడి మాటలు. మీ అకౌంట్ పనితీరు మేం కోరే స్థాయికి తక్కువగా ఉంది. లేట్ షిప్‌మెంట్ రేటు నాలుగు శాతం లోపు ఉండాలి, మీది ముప్పై రోజుల లెక్కలో పద్నాలుగు దాటింది. ఆర్డర్ డిఫెక్ట్ రేటు, అంటే ఫిర్యాదులు పడిన ఆర్డర్ల లెక్క, ఒక శాతం లోపు ఉండాలి, మీది ఒకటింపావు. ఏడు రోజుల్లోగా కారణమూ, దిద్దుబాటూ రాసి పంపకపోతే అకౌంట్ సస్పెండ్ చేస్తాం.

రెండుసార్లు చదివాడు. ఆలస్యమా? మూడేళ్లలో ఒక్క పార్సిలు కూడా ఆలస్యంగా ఇల్లు దాటలేదే!

"ఏమైంది బాబూ, గుడ్డు చల్లారిపోతోంది" అంది అత్తగారు వంటగదిలోంచి.

"ఏం లేదత్తయ్యా, కంపెనీ వాళ్లు. మనం పార్సిళ్లు లేటుగా పంపిస్తున్నామట."

"వాళ్ల మొహం. నేను కట్టినవి ఎప్పుడైనా మర్నాటికి మిగిలాయా?"

అదే ఆయనకీ అర్థం కానిది.

మధ్యాహ్నం పై అంతస్తులో ఫోన్ కవర్లు అమ్మే మిత్రుడు మెట్లు దిగి వచ్చాడు. నలభై ఏళ్లవాడు, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు, అడక్కుండానే సలహాలిస్తాడు. ఉత్తరం చదివి బుగ్గలు పూరించాడు.

"అన్నయ్యా, ఇది చిన్న విషయం కాదు. మా తోడల్లుడికి ఇలాగే వచ్చింది. చూద్దాంలే అన్నాడు, మూసిపారేశారు. ఆర్నెల్లు కాళ్లావేళ్లా పడితే తెరిచారు."

"మరి ఏం చెయ్యమంటావ్?"

"రెండు వారాలు కొట్టు సెలవు పెట్టెయ్యండి. కొత్త ఆర్డర్లు రావు, కొత్త తప్పులూ రావు. ఈలోగా పాతవి వాటంతటవే పోతాయి."

వినడానికి బాగానే ఉంది. కానీ బాబిన్ గారు చదువుకునే రోజుల్లో లెక్కల్లో గట్టివాడు, ఆ అలవాటు పోలేదు. కాగితం తీశాడు.

"డిఫెక్ట్ లెక్క అరవై రోజులది. అరవై రోజుల్లో మనకొచ్చినవి రెండొందల నలభై ఆర్డర్లు, తప్పు పడినవి మూడు. ఒకటింపావు శాతం. రెండు వారాలు మూసేస్తే కింద అంకె నూట ఎనభై చిల్లరకి పడిపోతుంది. పైన మూడు మూడే. అప్పుడది ఒకటిన్నర దాటుతుంది. మూస్తే తగ్గేది భాగహారంలో కింద అంకె, పైది కాదు."

"ఓహో." మిత్రుడు బుర్ర గోక్కున్నాడు. "అయితే ఇంకోటి చెప్పనా? తెలిసినవాళ్ల చేత ఓ నలభై ఆర్డర్లు పెట్టించండి. కింద అంకె పెరుగుతుంది."

"దొరికితే ఉత్తరం కూడా రాయరు. నేరుగా తలుపేస్తారు."

"అదీ నిజమే. నా బుర్ర ఎప్పుడూ అడ్డదారిలోనే నడుస్తుంది, మా ఆవిడ పెళ్లిచూపుల్లోనే కనిపెట్టింది."

"మరి ఎలా చేసుకుందయ్యా నిన్ను?" అంది అత్తగారు బల్ల దగ్గర్నుంచి, టేపు చింపుతూ.

"ఫోన్ కవర్లు ఫ్రీ కదండీ పిన్నిగారూ!"

ముగ్గురూ నవ్వారు. ఉత్తరం బల్ల మీదే ఉంది.

మిత్రుడు వెళ్లాక బాబిన్ గారు ఆ మూడు తప్పులూ తెరిచి చూశాడు. ఒకదాంట్లో అయిదు నక్షత్రాలకి ఒక్కటే ఇచ్చి, "బెల్టు బాగానే పనిచేస్తోంది, కానీ ఆ గోధుమ రంగు నాకు నచ్చలేదు" అని రాశాడు కొన్నవాడు. రెండోది దారిలో పగిలిన బాబిన్ కేసు. మూడోదానికి ఒక్క నక్షత్రం తోపాటు డబ్బు వాపసు ఫిర్యాదు కూడా ఉంది. రెండు తప్పులు కాబోలనుకున్నాడు. లెక్క విప్పి చూస్తే, ఒకే ఆర్డరు మీద ఎన్ని మరకలు పడినా ఒక్కటిగానే లెక్కిస్తున్నారు. అది కొంచెం ఊరట. కానీ ఆ ఆర్డరులో ఏముందో చదివాక ఊరట పోయింది. ఆరు మిల్లీమీటర్ల బెల్టు అడిగితే ఎనిమిది మిల్లీమీటర్లది వెళ్లింది.

పెట్టెలోంచి తీసి కట్టింది అత్తగారు.

ఆయన ఆ పేజీ మూసేలోపే ఆవిడ వెనక నిలబడి ఉంది. కళ్లజోడు పైకి తోసుకుని తెర మీదికి వంగింది.

"ఆరు బదులు ఎనిమిది వేశానా?"

"పెట్టెల మీద అంకెలు చిన్నవి అత్తయ్యా. నాకే సరిగ్గా కనబడవు."

"మీకు కనబడతాయి. కనబడందల్లా నాకే." ఆవిడ కుర్చీలో కూర్చుంది. చేతిలో టేపు చుట్ట అలాగే ఉంది. "అబ్బాయి పిలుస్తూనే ఉన్నాడు. మీ కొట్టు మూయించి వెళ్లేకంటే ముందే వెళ్లడం మంచిది కదా."

వెళ్లొద్దని అనడం ఆయనకి చేతకాదు, ఏనాడూ ఎవరినీ అలా అన్నవాడు కాదు. చేతకానప్పుడల్లా చేసే పనే చేశాడు. కాగితం ముందుకి జరిపాడు.

"చూడండి. రెండొందల నలభై పార్సిళ్లు మీరే కట్టారు. అందులో మీవల్ల తప్పు ఒక్కటి. నేను కట్టిన రోజుల్లో నెలకి రెండు మూడు తప్పులు చేసేవాణ్ని. అప్పుడీ లెక్కలు చూసేవాళ్లు లేక బతికిపోయాను."

ఆవిడ కాగితం కేసి చూసింది. "మీరు కట్టిన పార్సిళ్లు నేను చూశాను. కొసలు అతుక్కునేవి కావు."

"అదే మరి."

ఆవిడ లేచి మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లింది. వెళ్తానన్న మాట మాత్రం గాలిలోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆలస్యం జాబితా తెరిచాడు. ముప్పై రోజుల్లో నూట ఇరవై ఆర్డర్లు, ఆలస్యమైనవి పదిహేడు. అందులో పదిహేను గడిచిన పది రోజుల్లోవే. మిగతా రెండూ దానికి ముందు రెండు రోజులవి, అంతకుముందు రెండు వారాల పైచిలుకు ఒక్కటీ లేదు. అంటే రోగం పాతది కాదు. పన్నెండు రోజుల కిందట ఏదో జరిగింది.

పదిహేడు ఆర్డర్ల నంబర్లూ కాగితం మీద రాసి, పక్కన ఆర్డరు వచ్చిన వేళ రాశాడు. రెండున్నర, మూడూ పది, నాలుగు, అయిదూ ముప్పావు. అన్నీ మధ్యాహ్నం తర్వాతవే. పొద్దున వచ్చినవాటిలో ఒక్కటీ లేదు. మధ్యాహ్నం తర్వాత వచ్చినవి మర్నాడు కడతారు, గడువూ మర్నాటిదాకా ఉంటుంది. కట్టడం కడుతున్నారు, వ్యానూ అదే రోజు తీసుకెళ్తోంది. మరి ఆలస్యం ఎక్కడ?

రసీదుల పుస్తకం తీశాడు. తారీఖులన్నీ సరిగ్గా ఉన్నాయి. వ్యాన్ డ్రైవరు సంతకం పక్కన వేళ కూడా వేసి ఉంది. పదమూడు రోజుల కిందటిదాకా నాలుగూ పది, నాలుగుంబావు. పన్నెండు రోజుల కిందట్నుంచి ఏడున్నర, ఏడూ నలభై.

గుర్తొచ్చింది. వ్యాన్ దారి మారింది. "ఇకనించి మీ వీధి నాకు ఆఖరుదండీ" అని డ్రైవరు చెప్పాడు, అలాగేలే అన్నాడు తను.

అప్పుడు మిగతాది కూడా తట్టింది.

ఆ ఇంట్లో రెండు నియమాలుండేవి, రెండూ ఆయన భార్య పెట్టినవి. ఒకటి, రసీదు చేతికొచ్చాకే కంప్యూటర్లో 'పంపించాం' అని నొక్కాలి. మొదటి ఏడాది ఒకసారి ముందే నొక్కితే ఆ రోజు వ్యానే రాలేదు. ఒక దర్జీ ఆవిడ వారం రోజులు ఎదురుచూసి ఫోన్లో ఏడ్చింది. రెండోది, సాయంత్రం ఆరు దాటాక కంప్యూటరు కట్టెయ్యాలి. వ్యాన్ నాలుగింటికి వచ్చినన్నాళ్లు ఈ రెండింటికీ పేచీ లేదు. నాలుగింటికి రసీదు, అయిదింటికి నొక్కుడు, ఆరింటికి సెలవు. వ్యాన్ ఏడున్నరకి మారాక రసీదు రాత్రి పుస్తకంలోకి వెళ్తోంది, నొక్కుడు మర్నాడు పొద్దున జరుగుతోంది. మార్కెట్ వాళ్లు ఆలస్యం లెక్కకి వ్యాన్నీ చూడరు, రసీదునీ చూడరు. ఎప్పుడు నొక్కారన్నదే లెక్క. పొద్దున వచ్చిన ఆర్డర్లు అదే రోజు కట్టేస్తారు గనక మర్నాడు నొక్కినా గడువు లోపే. మధ్యాహ్నానివి గడువు రోజునే బయల్దేరుతున్నాయి, నొక్కేసరికి గడువు దాటిపోతోంది.

పార్సిళ్లన్నీ వేళకే వెళ్లాయి. ఆయన చెప్పడమే ఆలస్యమైంది.

ఆ మధ్యాహ్నం జవాబు రాయడానికి కూర్చున్నాడు. మొదటి ప్రతి పేజీన్నర వచ్చింది. అందులో వ్యాన్ దారి, రసీదుల పుస్తకం, తమ నిజాయితీ, ఇన్నేళ్ల చరిత్ర అన్నీ ఉన్నాయి. ఫోన్ కవర్ల మిత్రుడు చదివి మొహం అదోలా పెట్టాడు.

"అన్నయ్యా, పెళ్లి శుభలేఖలా ఉంది. వాళ్లు రోజుకి వందలు చదువుతారు. మూడే చూస్తారట, తోడల్లుడు చెప్పాడు. తప్పెందుకు జరిగింది, ఇప్పుడేం సరిచేశారు, మళ్లీ రాకుండా ఏం చేస్తారు. అంతే. ఇంకోటి, వ్యాన్ మీదికి తొయ్యకండి."

"కానీ మారింది వ్యానే కదయ్యా."

"వ్యాన్ మారింది. మీరు మారలేదు. వాళ్లకి కనబడేది మీరే."

మాట చురుక్కుమంది, కానీ నిజం. "పోనీ పొద్దున్నే కట్టగానే నొక్కేస్తే?" అన్నాడు బాబిన్ గారు, తనకే నచ్చని గొంతుతో.

"అలా చేసేవాళ్లున్నారు. వ్యాన్ వాళ్ల స్కానింగు రాత్రికి పడుతుంది, మీది పొద్దున పడుతుంది. ఒక రోజు వ్యాన్ రాకపోతే దొరికిపోతారు."

అత్తగారు ఆసరికి బల్ల దగ్గర మూడు పార్సిళ్లు కట్టి నాలుగోది తూస్తోంది. తలెత్తకుండానే అంది, "అమ్మాయి పెట్టిన నియమం మార్చాలంటే మీకు మనసొప్పడం లేదు."

ఆయన రసీదుల పుస్తకం మూశాడు.

"పంపకుండా పంపామని చెప్పొద్దంది. పంపాక వెంటనే చెప్పొద్దని అనలేదు కదా?"

"ఆరు దాటాక కంప్యూటరు ముట్టుకోవద్దంది."

అత్తగారు కాటా మీది పార్సిలు తీసి బల్ల మీద పెట్టింది. "బాబూ, ఆ రోజుల్లో మీరు రాత్రి పదకొండింటిదాకా దాని ముందే కూర్చునేవారు. అన్నం చల్లారిపోయేది. అమ్మాయి నాకు ఫోన్ చేసి గోలపెట్టేది. ఆ నియమం మీకోసం పెట్టింది, కంప్యూటరు కోసం కాదు. నొక్కడానికెంతసేపు?"

"రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలకి అన్నం చల్లారదు."

మిత్రుడు మెల్లగా లేచి, తనకేదో పని గుర్తొచ్చినట్టు మెట్లెక్కాడు. అలా లేచి వెళ్లడం కూడా ఒక మర్యాదే అనుకున్నాడు బాబిన్ గారు.

రెండో ప్రతి అరపేజీ వచ్చింది. మేం పార్సిలు అప్పగించిన మర్నాడు కన్ఫర్మ్ చేస్తున్నాం, అది మా పద్ధతిలో తప్పు. ఇవాళ్టినుంచి వ్యాన్‌కి అప్పగించిన చోటే, ఫోన్లో, అదే నిమిషంలో కన్ఫర్మ్ చేస్తాం. మధ్యాహ్నం తర్వాత వచ్చేవాటికి ఇబ్బంది లేకుండా, కొత్త ఆర్డర్లు కట్టి పంపే గడువు ఒక రోజు నుంచి రెండు రోజులకి మార్చాం. బెల్టుల పెట్టెలకి రంగులు వేసి, కట్టేముందు మరొకరు చూసే ఏర్పాటు చేశాం. గోధుమ రంగు నచ్చలేదన్న ఫీడ్‌బ్యాక్ సరుకు మీద అభిప్రాయమే తప్ప తమ సేవ మీద కాదని, దాన్ని తీసెయ్యమని వేరేగా అడిగాడు. తప్పు బెల్టు ఫిర్యాదు మీద వాదించలేదు. డబ్బు వాపసిచ్చినా ఆ మరక అరవై రోజులూ ఉంటుంది. ఉండనీ, అది నిజమైన తప్పే.

ఆ సాయంత్రమే రంగులు వేశారు. ఆరు మిల్లీమీటర్ల పెట్టె ఎరుపు, ఎనిమిది నీలం. అంకెలు అరచెయ్యంత. అత్తగారు దూరంగా నిలబడి, కళ్లజోడు తీసి, పరీక్ష రాస్తున్నట్టు చదివింది.

"ఎరుపు ఆరు, నీలం ఎనిమిది. బడికెళ్లే పిల్లని చేశారు నన్ను."

"ఫస్టు క్లాసు."

ఏడూ నలభైకి వ్యాన్ వచ్చింది. డ్రైవరు పార్సిళ్లు స్కాన్ చేసి రసీదిచ్చాడు. బాబిన్ గారు గుమ్మంలో నిలబడే ఫోను తీసి ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టాడు. ఆఖరుదానికి నంబరు సరిపోలేదు. పార్సిలు మీద చూద్దామంటే అప్పటికే వ్యాన్లో ఉంది. డ్రైవరు ఇంజను ఆపి, దిగి, పార్సిలు వెతికి, టార్చి వెలుగులో పట్టుకున్నాడు.

"తొందరేం లేదండీ. మీదే ఆఖరుది అన్నానుగా."

ఆఖరిది కావడంలో ఇంత మేలుంటుందని ఆయన అనుకోలేదు.

మూడో రోజుకి రంగు ఫీడ్‌బ్యాక్ తీసేశారు. మూడు రెండయ్యాయి, ఒకటింపావు సున్నా పాయింటు ఎనభై మూడయింది. ఒక శాతం లోపే. మిగిలింది ఆలస్యం. దానికి తొందర పనికిరాదని ఆయనకి తెలుసు. ముప్పై రోజుల అంకె ఇప్పట్లో కదలదు, ఆ పదిహేడూ దాంట్లోంచి బయటికి జారడానికి ఇంకో మూడు నాలుగు వారాలు పడుతుంది. గడిచిన పది రోజుల్లో ఎన్ని ఆలస్యమయ్యాయన్న అంకె మాత్రం త్వరగా చెబుతుంది. బల్ల పక్కన పలక మీద అత్తగారు రోజూ సుద్దతో దాన్ని రాసేది. పదిహేను. పద్నాలుగు. పన్నెండు. పది. ఆరో రోజు ఏడు.

"కొట్టు లెక్కలా లేదు, జ్వరం చూసినట్టుంది" అంది.

ఏడో రోజు జవాబు వచ్చింది. ఆయన వెంటనే తెరవలేదు. ముందు టీ తాగాడు, అత్తగారి కప్పు కూడా నింపి బల్ల మీద పెట్టాడు. తర్వాత తెరిచి, బిగ్గరగా చదివాడు. మీ వివరణ అందింది. అకౌంట్ కొనసాగుతుంది. రాబోయే ముప్పై రోజులు గమనిస్తాం, రేటు నాలుగు లోపుకి రావాలి.

అత్తగారు కొంతసేపు టేపు కొస వెతికింది. దొరికాక, "అయితే ఆదివారం అబ్బాయి ఫోన్ చేస్తే ఏం చెప్పాలి?" అంది.

బాబిన్ గారు ఆలోచించాడు. వెళ్లొద్దనడం ఇంకా చేతకాలేదు. కానీ ఆ మాటకి దగ్గరగా వచ్చే ఇంకో మాట దొరికింది.

"ముప్పై రోజులు గమనిస్తారట. కట్టేముందు మరొకరు చూస్తారని నేను రాసిచ్చాను. ఆ మరొకరు నేనే. కట్టేది మీరు. ఇద్దరుండాలి అత్తయ్యా, లేకపోతే రాసింది అబద్ధమవుతుంది."

"ముప్పై రోజుల తర్వాత?"

"తర్వాత కూడా అరవై రోజుల లెక్కుంటుంది. అది ఎప్పటికీ అయిపోదు, రోజూ ఒక రోజు ముందుకి జరుగుతూనే ఉంటుంది."

ఆవిడ నవ్వింది. నోటితో కాదు, కళ్లజోడు వెనక. "అయితే వాడితో పనుందనే చెబుతాను."

పదకొండో రోజు సాయంత్రం పలక మీద సున్నా పడింది. ఏడూ ముప్పై అయిదుకి వ్యాన్ వచ్చింది, అయిదు పార్సిళ్లు వెళ్లాయి, గుమ్మంలోనే అయిదు నొక్కుళ్లు పడ్డాయి. అయిదో రసీదు పుస్తకంలో అతికించి బాబిన్ గారు టైము చూశాడు. ఏడూ ముప్పై ఎనిమిది. వంటగదిలోంచి పిలుపు వచ్చింది.

"వస్తున్నానత్తయ్యా."

కంప్యూటరు ఆరింటికే కట్టేసి ఉంది. బల్ల మీద రేపు కట్టాల్సిన రెండు ఆర్డర్ల సరుకు పక్కన ఎర్ర పెట్టె మూత సరిగ్గా పెట్టాడు. లైటు ఆర్పి, కొట్టు గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, గడియ పెట్టాడు.